నుదుటి మీద నొక్కుతోంది, ఒక సైజు పెంచాలా? హెల్మెట్ ఎంపికలో సాయం కావాలి

కొత్తబండి
అందరికీ నమస్తే. ఆరేళ్లుగా వాడుతున్న హెల్మెట్ మార్చేద్దామనుకుంటున్నాను. టేపుతో కొలిస్తే నా తల చుట్టుకొలత 58 సెం.మీ. వచ్చింది. ఒక ఫుల్‌ఫేస్ హెల్మెట్ బాగా నచ్చింది, పాలికార్బనేట్ షెల్. దాని పట్టిక ప్రకారం 57–58కి ఎం, 59–60కి ఎల్. ఎం పెట్టుకుంటే పావుగంటకల్లా నుదుటి మధ్యలో నొప్పి మొదలైంది. ఎల్ పెట్టుకుంటే హాయిగా ఉంది. ఎల్ తీసేసుకోవచ్చా? కొంచెం డబ్బు పెట్టి కార్బన్ ఫైబర్‌కి వెళ్లడం మంచిదా? ఇంకోటి, పాతది రెండుసార్లు బండి అద్దం మీంచి కిందపడింది, దాన్ని వెనక కూర్చునేవాళ్లకి ఉంచుకోవచ్చా?

గరుడ350
ఎల్ తీసుకో బ్రో, ఆలోచించకు. బిగుతుగా ఉంటే గంటసేపు కూడా నడపలేవు, తలనొప్పితో ధ్యాస రోడ్డు మీద ఉండదు. కార్బన్ అయితే ఇంకేం కావాలి, అన్నిటికంటే గట్టిది, అన్నిటికంటే తేలిక.

ల్యాబ్‌పక్షి
కొత్తబండి గారూ, కొనేముందు కొంచెం ఆగండి. నేను హెల్మెట్లు పరీక్షించే ల్యాబ్‌లో కొన్నేళ్లు పనిచేశాను. మీరు రాసిన దాన్నిబట్టి ఇది సైజు గొడవ కాదేమో అనిపిస్తోంది. మూడు సంగతులు చెప్పండి. ఎం పెట్టుకుని తీశాక నుదుటి మీద ఎర్రటి మచ్చ పడిందా, పడితే అది ఒకచోటేనా, అడ్డంగా గీతలా ఉందా? ఎం పెట్టుకున్నప్పుడు చెవులకి పైన, కణతల దగ్గర వేలు దూరేంత సందు ఉందా? ఎల్ పెట్టుకుని స్ట్రాప్ బిగించి, ఎవరినైనా వెనక అంచు కింద చేతులు పెట్టి పైకి, ముందుకు నెట్టమంటే ఏమవుతుంది?

సింధూర
నాదీ ఇదే బాధ, కాకపోతే నాకు వైజర్ మీద ఆవిరి పడుతుంది. కళ్లజోడు కూడా ఉంది కాబట్టి రెండు గాజులూ ఒకేసారి మసకబారతాయి. దీనికేమైనా మందు ఉందా?

గరుడ350
@సింధూర అడిగింది సైజు గురించి కదా అక్కా 😄

సింధూర
అవును, కానీ చర్చ తెరిచినప్పుడే అడిగేస్తే పోలా.

కొత్తబండి
@ల్యాబ్‌పక్షి ఇప్పుడే మళ్లీ షాపుకి వెళ్లొచ్చాను. ఎం: ఇరవై నిమిషాలు ఉంచుకున్నా. మచ్చ నాణెం అంత, సరిగ్గా నుదుటి మధ్యలో. కణతల దగ్గర వేలు సులువుగా దూరుతోంది. ఎల్: మా స్నేహితుడు వెనకనుంచి నెట్టాడు. ముందు అంచు జారి కళ్ల మీదకి వచ్చేసింది, ఇంకొంచెం బలంగా నెడితే ఊడి వచ్చేదే. స్ట్రాప్ బిగించే ఉంది!

ల్యాబ్‌పక్షి
చూశారా, ఎల్ సంగతి తేలిపోయింది. స్నేహితుడి చేతికే జారే హెల్మెట్ రోడ్డు మీద మొదటి దెబ్బకి తిరిగిపోతుంది, రెండో దెబ్బకి తల మీద ఉండదు. స్ట్రాప్ ఉందిగా అనుకోకండి. స్ట్రాప్ హెల్మెట్‌ని కిందకి లాగి పట్టుకుంటుంది, ముందుకు దొర్లడాన్ని ఆపేది లోపల తల చుట్టూ ఉండే పట్టు.

ఎం సంగతి ఇంకోటి. ముందు ఒకచోట నొక్కుతూ పక్కన ఖాళీ ఉందంటే మీ తల ముందూ వెనకల పొడవు, ఆ హెల్మెట్ లోపల గుండ్రం. టేపు చుట్టుకొలత మాత్రమే చెబుతుంది. 58 సెం.మీ. చుట్టుకొలత గుండ్రటి తలకీ ఉంటుంది, కోడిగుడ్డులాంటి తలకీ ఉంటుంది. ఇంట్లో ఇలా కొలవండి: గోడకి తల వెనక భాగం ఆనించి నిలబడండి, నుదుటికి ఒక పుస్తకం నిటారుగా ఆనించి, గోడకీ పుస్తకానికీ మధ్య దూరం చూడండి. తర్వాత పక్కకి తిరిగి, ఒక కణత గోడకి ఆనించి, చెవులకి కొంచెం పైన అలాగే కొలవండి. జుట్టు అణిగేలా నొక్కి పెట్టాలి.

కొత్తబండి
మా చెల్లి కొలిచింది. మూడుసార్లు కొలిస్తే పొడవు 20.6, వెడల్పు 15.4 దగ్గర ఆగింది.

ల్యాబ్‌పక్షి
వెడల్పు పొడవులో ముప్పావు వంతే ఉంది. అంటే పొడవాటి తల వైపు బాగానే ఉన్నట్టు. హెల్మెట్ కంపెనీలు మోడల్ వివరాల్లో గుండ్రం, మధ్యరకం ఓవల్, పొడవు ఓవల్ అని రాస్తాయి. మార్కెట్లో ఎక్కువగా ఉండేది మధ్యరకం. మీరు పొడవు ఓవల్ అని రాసిన వాటిలోనో, కనీసం ఆ వైపు మొగ్గిన మధ్యరకంలోనో అదే ఎం సైజు వెతకండి. నచ్చిన మోడల్ మర్చిపోవాల్సిందే, ఏం చేస్తాం.

గరుడ350
అన్నా, కొత్త హెల్మెట్లన్నీ మొదట బిగుతుగానే ఉంటాయి, నెలకి ప్యాడ్లు అణిగి సరిపోతాయి. నాది అలాగే అయింది. ఎం తీసుకుంటే చాలుగా?

ల్యాబ్‌పక్షి
@గరుడ350 చెంపల దగ్గర నువ్వన్నది నిజమే తమ్ముడూ. చెంపల ప్యాడ్లు మందంగా ఉంటాయి, వాడేకొద్దీ అణుగుతాయి. అందుకే కొత్తదానిలో చెంపలు లోపలికి నొక్కుకుని బుగ్గలు ఉబ్బినట్టుండాలి, మాట్లాడితే బుగ్గ పంటికి తగిలేలా ఉన్నా కంగారక్కర్లేదు. మరీ ఎక్కువైతే చాలా మోడళ్లకి సన్నటి చెంప ప్యాడ్లు విడిగా దొరుకుతాయి. కానీ నుదుటి దగ్గర గుడ్డ వెనక ఉండేది పల్చటి స్పాంజి పొర, దాని వెనకంతా థర్మోకోలే. అది నెలకీ అణగదు, ఏడాదికీ అణగదు.

డ్రాప్‌టెస్ట్ బాబాయ్
నాకు తెలిసిన చిట్కా ఒకటుంది. లోపలి గుడ్డ ఊడదీసి, నుదురు తగిలేచోట థర్మోకోల్‌ని చెంచా వెనక భాగంతో మెల్లగా నొక్కితే రెండు మూడు మిల్లీమీటర్లు దిగుతుంది. నేను చేసుకున్నాను, ఇప్పుడు సుఖంగా ఉంది.

ల్యాబ్‌పక్షి
బాబాయ్, పెద్దవారు, కోపం తెచ్చుకోకండి, కానీ ఆ పని ఎవరూ చేయొద్దు. తలని కాపాడేది ఆ థర్మోకోల్ నలిగే దూరమే. దెబ్బ తగిలినప్పుడు దాని గింజలు నలిగి తలని నెమ్మదిగా ఆపుతాయి. ఒకసారి నలిగింది మళ్లీ ఉబ్బదు. మీరు చెంచాతో నొక్కినచోట దాని పని ముందే అయిపోయింది, అదీ సరిగ్గా నుదుటి ముందు.

డ్రాప్‌టెస్ట్ బాబాయ్
మూడు మిల్లీమీటర్లకే అంతా?

ల్యాబ్‌పక్షి
ఉన్నదే మూడు నాలుగు సెంటీమీటర్ల మందం. పైగా నొక్కినచోట గట్టిపడుతుంది కాబట్టి పోయేది మందం ఒక్కటే కాదు. మీ హెల్మెట్ ఎంత దెబ్బకి ఓడిపోతుందో లెక్కగట్టి చెప్పలేను. నేనైతే దాన్ని పెట్టుకోను.

గరుడ350
సరే, షెల్ సంగతి? కార్బన్ అయితే థర్మోకోల్ ఎలా ఉన్నా పైనే ఆగుతుంది కదా.

ల్యాబ్‌పక్షి
అలా ఆగితే మంచిదే కాదు. షెల్ రాయిలా ఉంటే దెబ్బ సూటిగా తలకే వెళ్తుంది. షెల్ పనేమిటంటే కోసుగా ఉన్న రాయి లోపలికి దిగకుండా చూడటం, ఒకచోట తగిలిన దెబ్బని ఎక్కువ థర్మోకోల్ మీదకి పంచడం. పాలికార్బనేట్ వంగి, వెనక్కి వచ్చి ఆ పని చేస్తుంది. ఫైబర్‌గ్లాస్, కార్బన్ పొరలు ఒకదానినుంచి ఒకటి విడిపోయి, చీలి కొంత శక్తిని మింగుతాయి. ఏ రకమైనా ఒకే పరీక్ష దాటాలి, పాలికార్బనేట్‌కి మార్కుల సడలింపేమీ లేదు. కార్బన్‌తో మీకు దక్కేది బరువు తగ్గడం. రోజంతా నడిపేవాళ్ల మెడకి ఆ రెండు మూడు వందల గ్రాములు తెలుస్తాయి, అరగంట ప్రయాణాలకి పెద్దగా తెలియదు.

షెల్ దగ్గర నేనడిగేది వేరే ప్రశ్న: ఆ మోడల్‌కి ఎన్ని షెల్ సైజులు? ఎక్స్‌ఎస్ నుంచి డబుల్ ఎక్స్‌ఎల్ దాకా ఒకటే షెల్ చేసి, లోపల నింపుడు మార్చి సర్దేసేవి ఉన్నాయి. చిన్న తలవాళ్లకి అది గుమ్మడికాయలా ఉంటుంది, బరువు కూడా ఎక్కువ. మూడు షెల్ సైజులున్నది దొరికితే దానికి ఇచ్చే డబ్బు కార్బన్‌కి ఇచ్చేదానికంటే సార్థకం. ఇది నా అభిప్రాయం, కార్బన్ అభిమానులు తిట్టుకోవచ్చు.

లెక్కలమాస్టారు
ఒక సందేహం. ఐరోపా ప్రమాణం ఈసీఈ పరీక్షలో హెల్మెట్‌ని సెకనుకి 7.5 మీటర్ల వేగంతో ఇనుప దిమ్మెకి కొడతారని చదివాను. అంటే గంటకి 27 కిలోమీటర్లు. బండి మీద మనం వెళ్లేది అరవై, ఎనభై. మరి ఈ సర్టిఫికేట్‌తో ఏం ఒరిగింది?

ల్యాబ్‌పక్షి
మాస్టారూ, లెక్క మీరే చేయండి. బండి మీద కూర్చున్నప్పుడు తల నేలకి మీటరున్నర ఎత్తులో ఉంటుందనుకుందాం. పక్కకి పడితే తల నేలని ఏ వేగంతో తాకుతుంది?

లెక్కలమాస్టారు
సెకనుకి 5.4 మీటర్లు. గంటకి 19–20 కిలోమీటర్లు. ఓహో. ముందుకు వెళ్లే వేగం జారడంలో పోతుంది, నేలలోకి దిగే వేగం మాత్రం ఎత్తునిబట్టే. 7.5 అంటే దాదాపు 2.9 మీటర్ల ఎత్తునుంచి పడినట్టు. సరే, ఒప్పుకున్నా. కానీ గోడనో స్తంభాన్నో సూటిగా గుద్దితే?

ల్యాబ్‌పక్షి
అప్పుడు ఈ లెక్క పనిచేయదు. నేరుగా వేగంగా గుద్దితే ఏ హెల్మెట్‌కైనా హద్దు ఉంది. ఇక జారడం సంగతి, అందులో తల గిర్రున తిరిగే ప్రమాదం ఉంది. ఈసీఈ పాత కూర్పు 22.05లో ఆ తిరుగుడు పరీక్ష లేదు. కొత్త కూర్పు 22.06లో ఏటవాలు దిమ్మె మీద కొట్టి తల ఎంత తిరుగుతుందో కొలుస్తారు. 7.5కి తోడు 6 మీటర్ల దగ్గర, 8.2 దగ్గర కూడా కొడతారు. 6 ఎందుకని నన్ను చాలామంది అడిగేవాళ్లు. పెద్ద దెబ్బకోసం మరీ గట్టిగా చేసిన హెల్మెట్ చిన్న దెబ్బకి నలగదు, తల ఆ కుదుపంతా తింటుంది. దాన్ని పట్టుకోవడానికి.

కొత్తబండి
మరి హెల్మెట్ మీద ఇది 22.06 అని ఎలా తెలుస్తుంది? వెనక స్టిక్కర్లు నాలుగైదు ఉన్నాయి, ఏది నమ్మాలి?

ల్యాబ్‌పక్షి
స్టిక్కర్ని వదిలేసి గడ్డం కింద స్ట్రాప్ చూడండి. దానికి కుట్టిన గుడ్డ లేబుల్ మీద వృత్తంలో ఇంగ్లిష్ E అక్షరం, పక్కన అంకె ఉంటుంది. ఆ అంకె ఆమోదం ఇచ్చిన దేశానిది. కింద ఉండే పొడవాటి సంఖ్య 06తో మొదలైతే 22.06, 05తో మొదలైతే పాతది. సంఖ్య తర్వాత గీత పక్కన పి అక్షరం ఉంటే గడ్డం భాగం కూడా పరీక్షలో నెగ్గినట్టు. జె ఉంటే ముందు తెరిచి ఉండే రకం. ఎన్‌పి ఉంటే జాగ్రత్త, ముందు భాగం ఉంటుంది కానీ రక్షణ కింద లెక్కకాదు. ముందు భాగం పైకెత్తే రకాల్లో పి, జె రెండూ ఉన్నదాన్నే ఎత్తి నడపడానికి ఒప్పుకున్నట్టు.

అమెరికా ప్రమాణం డాట్ సంగతి వేరు. అందులో తయారీదారే తన హెల్మెట్ ప్రమాణానికి సరిపోతుందని ప్రకటించుకుంటాడు. ప్రభుత్వం తర్వాత మార్కెట్లోంచి కొన్ని తెచ్చి పరీక్షిస్తుంది. ఆ స్టిక్కర్ విడిగా అంటించడం సులువు కాబట్టి నకిలీలు ఎక్కువ. డాట్ అని రాసి ఉండి లోపల థర్మోకోల్ వేలెడు మందం కూడా లేకపోతే నమ్మకండి. ఇక మీ చోట చట్టం ఏ మార్కు అడుగుతుందో అది ఎలాగూ ఉండాలి.

చిన్నచక్రం
మా పాపకి సైకిల్ హెల్మెట్ ఉంది, తేలిగ్గా బాగుంది. వెనక కూర్చోబెట్టేటప్పుడు అదే పెట్టొచ్చా?

ల్యాబ్‌పక్షి
వద్దండీ. దాని పరీక్ష వేరు, ఇంత దెబ్బకి దాన్ని తయారుచేయరు. గాలి రంధ్రాలు కూడా ఎక్కువ. మోటార్‌బండికి చేసిన పిల్లల సైజు తీసుకోండి.

కొత్తబండి
పాత హెల్మెట్ ప్రశ్న మిగిలిపోయింది. రెండుసార్లు పడింది. ఖాళీదే, మీటరు ఎత్తునుంచి.

గరుడ350
పడితే పారేయాల్సిందే. ఒక్కసారి పడినా పనికిరాదు.

లెక్కలమాస్టారు
ఆగండి, ఇదీ లెక్కే. హెల్మెట్ ఒకటిన్నర కిలో, ఎత్తు మీటరు, శక్తి 15 జౌళ్లు. పరీక్షలో తల బొమ్మ బరువు ఎంత?

ల్యాబ్‌పక్షి
మధ్య సైజుది 4.7 కిలోలు.

లెక్కలమాస్టారు
హెల్మెట్‌తో కలిపి 6.2 కిలోలు, 7.5 మీటర్ల వేగం, దాదాపు 174 జౌళ్లు. దాదాపు పన్నెండో వంతే. పైగా లోపల తల లేదు, థర్మోకోల్‌ని లోపలినుంచి నలిపేదేదీ లేదు.

ల్యాబ్‌పక్షి
సరిగ్గా చెప్పారు. ఖాళీ హెల్మెట్ పడితే ఎక్కువసార్లు పోయేది రంగే. ఫైబర్ షెల్ రాతి అంచు మీద పడితే మాత్రం పగులు చూడాలి, వేలితో తట్టితే ఆ చోట మోత మారుతుంది. తల లోపల ఉండగా దెబ్బ తగిలితే చర్చ లేదు, పైకి ఏమీ కనిపించకపోయినా మార్చాలి. కొత్తబండి గారూ, నన్ను ఆపింది మీ రాతలో ఇంకో మాట. అద్దం మీంచి పడిందన్నారు. రోజూ అద్దానికి తగిలిస్తారా? లోపలి గుడ్డ ఊడదీసి నడినెత్తి దగ్గర వేలు పెట్టి చూడండి.

కొత్తబండి
😳 బొటనవేలు కూర్చునేంత గుంట ఉంది. గుడ్డ మీంచి ఎప్పుడూ తెలియలేదు.

ల్యాబ్‌పక్షి
అదే. ఆరేళ్లపాటు అద్దం అంచు చేసిన పని అది, బాబాయ్ చెంచా పనే. ఇది వెనక కూర్చునేవాళ్లకి కూడా వద్దు. స్ట్రాప్ కోసేసి పారేయండి, లేకపోతే ఎవరో ఏరుకుని పెట్టుకుంటారు.

లెక్కలమాస్టారు
గుంట లేకపోతే ఆరేళ్లది వాడొచ్చా? ఐదేళ్లకి హెల్మెట్ మార్చాలనే నియమం కంపెనీల వ్యాపారమేనని నా అనుమానం. థర్మోకోల్ డబ్బాలు ఇరవై ఏళ్లైనా అలాగే ఉంటాయి.

ల్యాబ్‌పక్షి
సగం ఒప్పుకుంటాను. థర్మోకోల్ తనంతట తాను ఐదేళ్లకి చెడిపోదు. ముందు పోయేవి జిగురు, చెమటా తల నూనె తాగిన ప్యాడ్లు, స్ట్రాప్ కుట్లు. రోజూ వాడేదానికీ, వారానికోసారి వాడి నీడలో ఉంచేదానికీ ఒకే గడువు పెట్టడం మొరటు లెక్కే. హెల్మెట్లు పరీక్షించే అమెరికా సంస్థ స్నెల్ వాళ్లు కూడా ఐదేళ్లనే చెబుతారు, వాళ్లు హెల్మెట్లు అమ్మరు. నేను ప్యాడ్లు అణిగి వెనకనుంచి నెట్టే పరీక్షలో ఓడినరోజే మారుస్తాను. నాకది నాలుగో ఏటే వచ్చింది.

లెక్కలమాస్టారు
ఆరో ఏట కూడా నెగ్గితే?

ల్యాబ్‌పక్షి
అప్పుడు మీ ఇష్టం మాస్టారూ. కొలిచి చూపించడానికి ఇంట్లో పరికరం లేదు, పరీక్షిస్తే హెల్మెట్ మిగలదు.

డ్రాప్‌టెస్ట్ బాబాయ్
నాది ఇంకో తప్పు చెబుతా, ఎవరికైనా పనికొస్తుంది. స్టిక్కర్ జిగురు పోవట్లేదని పెట్రోల్ గుడ్డతో తుడిచాను. పాలికార్బనేట్ షెల్. నెల తర్వాత గాలి రంధ్రం చుట్టూ సాలెగూడులాంటి సన్నటి పగుళ్లు. వైజర్‌ని అద్దాలు తుడిచే ద్రవంతో తుడిస్తే అదీ పాలిపోయింది.

ల్యాబ్‌పక్షి
పెట్రోల్, థిన్నర్ పాలికార్బనేట్‌ని పైకి కనపడకుండానే పెళుసు చేస్తాయి. మీకు పగుళ్లు కనిపించాయి, అదృష్టం. ఫైబర్ షెల్‌కి అంత భయం లేదు కానీ వైజర్లు దాదాపు అన్నీ పాలికార్బనేటే. అద్దాల ద్రవంలో అమోనియా ఉంటే పైపూత పోతుంది.

సింధూర
వైజర్ సంగతి నేను చెప్తా, దీన్లో దెబ్బలు తిన్నాను. ఎండిన పురుగుల్ని పొడిగుడ్డతో రుద్దితే ఆ దుమ్మే గీకేస్తుంది. తడిపిన మెత్తటి గుడ్డ వైజర్ మీద పరిచి పది నిమిషాలు వదిలేయండి, అంతా నానుతుంది. తర్వాత గోరువెచ్చటి నీళ్లు, ఒక చుక్క తేలిక సబ్బు, చేతి వేళ్లతోనే. తుడవడానికి మైక్రోఫైబర్. లోపలివైపు పూత ఇంకా మెత్తన, అటు అసలు రుద్దకండి. రాత్రి ఎదురు లైట్లు నక్షత్రాల్లా చీలిపోతుంటే గీతలు పడిపోయినట్టే, ఇక పాలిష్‌లతో కుస్తీ పట్టకుండా వైజర్ మార్చేయడమే.

కానీ నా ఆవిరి సంగతి ఎవరూ చెప్పలేదు 🙂

ల్యాబ్‌పక్షి
క్షమించండి. మీ వైజర్‌కి రెండు పక్కలా పుల్లల్లాంటి మొలకలు ఉంటే పిన్‌లాక్ పొర పడుతుంది. రెండు పొరల మధ్య గాలి ఉంటుంది కాబట్టి లోపలి పొర చల్లబడదు. చుట్టూ ఉన్న సిలికాన్ అంచు వైజర్‌కి పూర్తిగా ఆనాలి, ఆనకపోతే ఆవిరి మధ్యలోకి దూరుతుంది. అప్పుడు మొలకని కొంచెం తిప్పితే బిగుస్తుంది. కళ్లజోడు మీది ఆవిరికి మాత్రం ఇది పనిచేయదు, ముక్కు కింద ఊపిరిని కిందకి మళ్లించే ముక్క పెట్టుకుని చూడండి.

సింధూర
పెట్టాను, సగం తగ్గింది. ఆగితే మళ్లీ మామూలే.

కొత్తబండి
రెండు వారాల తర్వాత వచ్చాను. నాలుగు షాపులు తిరిగాను. చివరికి పొడవు ఓవల్ ఎం, ఫైబర్‌గ్లాస్, మూడు షెల్ సైజుల మోడల్. లేబుల్ మీద 06, పి ఉన్నాయి. షాపులోనే ముప్పావుగంట పెట్టుకుని కూర్చున్నాను, వాళ్లు విసుక్కున్నారు. నుదుటి మీద మచ్చ లేదు, అడ్డంగా పల్చటి గీత ఉంది. తలని పక్కకి తిప్పితే నుదుటి చర్మం హెల్మెట్‌తోపాటే కదులుతోంది. వెనకనుంచి నెడితే కనుబొమల దగ్గరే ఆగింది. బుగ్గలు మాత్రం పళ్లకి తగులుతున్నాయి. పెట్టుకునేటప్పుడు ఎడమ చెవి మడత పడుతోంది, అదొక్కటే బాధ.

ల్యాబ్‌పక్షి
స్ట్రాప్‌లు రెండూ పక్కలకి బాగా లాగి, మెల్లగా కిందకి దించండి. అప్పటికీ చెవి మడిచి నొప్పి పుడుతుంటే ఆ పక్క చెంప ప్యాడ్ పై అంచు చూడండి, ఒక్కోసారి గుండీ సరిగ్గా పడక పైకి లేచి ఉంటుంది.

కొత్తబండి
వెనకవైపు గుండీ ఒకటి ఊడి ఉంది! నొక్కాను, టక్‌మంది. రేపు నడిపి చెబుతా. అన్నట్టు, ఇక అద్దానికి తగిలించడం లేదు. ట్యాంకు మీద పెడదామంటే పెట్రోల్ ఆవిరి అంటున్నారు. మరి మీరంతా ఎక్కడ పెడుతున్నారు?

గరుడ350
నేనైతే చేతికి తగిలించుకుని తిరుగుతా బ్రో.

డ్రాప్‌టెస్ట్ బాబాయ్
నేలమీద, బోర్లా కాకుండా వెల్లకిలా కూడా కాకుండా... నిజం చెప్పాలంటే నేనూ అద్దానికే.